వరద వచ్చినా మంటలు లేచినా ఇంటి సామాను క్లెయిము తేలిగ్గా తేలాలంటే: ఫొటోలు, బిల్లులతో జాబితా తయారుచేసే పద్ధతి

ఇంట్లో నష్టం జరిగిన తరువాత బీమా కంపెనీ పంపే సర్వేయరు ప్రతి వస్తువు విషయంలోనూ నాలుగు సంగతులు తేల్చుకోవాలి. ఆ వస్తువు నిజంగా ఈ ఇంట్లో ఉందా? అది మీదేనా? మీరు చెప్పే రకం, మోడల్ అదేనా? ఈ ప్రమాదం వల్లనే పాడయిందా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు ఉన్న వస్తువు గురించి వాదన జరగదు, ఏ ఒక్కటి తేలకపోయినా ఆ వస్తువు దగ్గర ఫైలు ఆగిపోతుంది.

బిల్లు మీరు కొన్నారని చెబుతుంది. ఫొటో అది మీ ఇంట్లో ఉందని చెబుతుంది. ఈ రెండూ ఒకే వస్తువుకు చెందినవని చెప్పేది మాత్రం సీరియల్ నంబరు ఒక్కటే. చాలామంది దగ్గర బిల్లులు ఒక కవరులోను, ఫొటోలు ఫోనులోను ఉంటాయి కానీ వాటిని కలిపే ఈ ముడి ఉండదు. కింది పద్ధతి అంతా ఆ ముడి వేయడానికే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి నిలిచింది కాబట్టి, ఇక్కడ ఉదాహరణలను గ్రౌండ్ ఫ్లోర్ ఇంటిని, వరదను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాను. అగ్నిప్రమాదానికి కూడా ఇదే జాబితా పనికివస్తుంది.

## 1. ముందుగా పాలసీలో చూడవలసినవి

జాబితా ఎంత వివరంగా రాయాలో మీ పాలసీయే చెబుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న ప్రామాణిక పాలసీ 'భారత్ గృహ రక్ష'. ఇందులో ఇంటి కట్టడానికి బీమా తీసుకున్నవారికి, ఆ మొత్తంలో 20 శాతం మేరకు సాధారణ సామాను కూడా తనంతట తానే కవర్ అవుతుంది, అయితే దాని గరిష్ఠ పరిమితి 10 లక్షల రూపాయలు. ఇంతవరకు సామాను వివరాలు ముందుగా ఇవ్వనక్కరలేదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే మాత్రం వివరాలు రాసి ఇవ్వాలి.

వివరాలు అడగలేదు కదా అని జాబితా మానేయడం ఇక్కడే జరిగే పొరపాటు. పాలసీ తీసుకునేటప్పుడు అడగకపోయినా, క్లెయిము వేసేటప్పుడు ఏ వస్తువు పోయిందో, దాని విలువ ఎంతో రుజువు చేసుకోవలసింది మీరే.

లెక్క ఇలా చూసుకోవచ్చు. కట్టడం మీద 32 లక్షల బీమా ఉంటే సామానుకు దానంతట వచ్చేది 6,40,000 రూపాయలు. మీ జాబితాను నేటి ధరలతో కూడితే 8,15,000 తేలిందనుకోండి, 1,75,000 రూపాయల సామాను పరిమితికి బయట ఉన్నట్టు. ఈ సంగతి వరద వచ్చాక కాక, రెన్యువల్ సమయంలో తెలియడమే జాబితా వల్ల వచ్చే మొదటి ప్రయోజనం.

భారత్ గృహ రక్షలో బీమా మొత్తం తక్కువగా ఉందన్న కారణంతో దామాషా కోత వేయరు. వేరే పాలసీల్లో ఆ నిబంధన ఉండవచ్చు. అలాంటి పాలసీలో 8 లక్షల సామానుకు 4 లక్షలకే బీమా చేసినవారికి, 1,60,000 రూపాయల నష్టం జరిగితే చేతికి వచ్చేది 80,000 మాత్రమే.

పాలసీలో చూసి రాసుకోవలసినవి:

- సామానుకు ఉన్న బీమా మొత్తం ఎంత.
- మరమ్మతు ఖర్చు లేదా అదే రకం వస్తువు మళ్లీ కొనే ఖర్చు ఇస్తారా, లేక వాడిన ఏళ్లకు తరుగుదల తీసేస్తారా.
- నగలు, వెండి వస్తువులకు విడిగా కవర్ తీసుకున్నారా.
- దొంగతనం కవర్ అవుతుందా. భారత్ గృహ రక్ష మూల పాలసీలో వరద, అగ్నిప్రమాదం వంటి ఘటన కారణంగా, అది జరిగిన 7 రోజుల లోపు జరిగిన దొంగతనమే కవర్ అవుతుంది. మామూలు దొంగతనానికి విడిగా తీసుకోవాలి.

అద్దె ఇంట్లో ఉన్నవారు కట్టడం జోలికి పోకుండా సామాను వరకే బీమా తీసుకోవచ్చు. వారికి 20 శాతం లెక్క వర్తించదు కాబట్టి, జాబితాలో తేలిన మొత్తమే బీమా మొత్తానికి ఆధారం.

## 2. ఫొటోలు తీసే వరస

టార్చి లైటు, కొలత టేపు, పొడి గుడ్డ, అంకెలు రాసుకునేందుకు అంటించే చీటీలు, వంటగదిలో వాడే చిన్న కాటా దగ్గర పెట్టుకోండి. ఫోనులో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. పగటి వెలుతురులో, ఇద్దరు కలిసి చేస్తే పని త్వరగా తెములుతుంది, ఒకరు ఫొటో తీస్తుంటే ఒకరు రాయవచ్చు.

ప్రతి గదిలోనూ ఇదే వరస పాటించండి:

1. గుమ్మం దగ్గర నిలబడి మొదలుపెట్టి, నాలుగు మూలల నుంచి గది మొత్తం కనిపించేలా ఒక్కో ఫొటో.
2. గుమ్మం నుంచి కుడిచేతి వైపుగా గోడ వెంబడి వెళుతూ ప్రతి వస్తువుకూ విడి ఫొటో. ముందుగా వస్తువు మీద అంకె చీటీ అంటించండి.
3. యంత్రం అయితే సీరియల్ నంబరు ఉన్న స్టిక్కరు దగ్గరగా.
4. బీరువాలు, అలమరలు, అటక తలుపులు తెరిచి లోపలి ఫొటో.
5. చివరగా అదే దారిలో నడుస్తూ, వస్తువు పేరు, కొన్న సంవత్సరం నోటితో చెబుతూ ఒక వీడియో.

గది మొత్తం కనిపించే ఫొటోను తేలికగా తీసుకోకండి. విడి ఫొటోలో ఉన్న ఫ్రిజ్ ఎవరి ఇంట్లోదైనా కావచ్చు. అదే ఫ్రిజ్, అదే గచ్చు, అదే కిటికీ పక్కన పెద్ద ఫొటోలో కనిపిస్తే ఇంటికీ వస్తువుకూ ఉన్న సంబంధం తేలిపోతుంది.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవారు ఇంకొక పని చేయాలి. కొలత టేపును నేల నుంచి నిలువుగా పట్టి, వస్తువు ఎంత ఎత్తులో ఉందో కనిపించేలా ఫొటో తీయాలి. వరద తగ్గాక గోడ మీద మిగిలే నీటి చారతో సర్వేయరు ఈ ఎత్తును పోల్చి చూస్తారు. బీరువా కింది రెండు అరలు, మంచం కింద పెట్టెలు, ఇన్వర్టర్ బ్యాటరీ, వెట్ గ్రైండర్, వాషింగ్ మెషీన్, పెరట్లో నీటి మోటారు ముందుగా మునిగేవి, జనం ఫొటో తీయడం మరిచిపోయేవీ ఇవే.

## 3. సీరియల్ నంబరు ఎక్కడుంటుంది

చాలామంది కంపెనీ పేరు కనిపించేలా ముందువైపు ఫొటో తీసి ఊరుకుంటారు. సర్వేయరుకు కావలసింది మోడల్, సీరియల్ నంబర్లు ఉన్న స్టిక్కరు. స్టార్ రేటింగ్ స్టిక్కరు వేరు, ఇది వేరు.

- ఫ్రిజ్: ఎక్కువగా కింది అరలో, లోపలి పక్క గోడ మీద. కూరగాయల డబ్బా బయటకు తీస్తే కనిపిస్తుంది.
- వాషింగ్ మెషీన్: తలుపు అంచున లేదా వెనుక.
- టీవీ: వెనుక. గోడకు బిగించి ఉంటే టీవీ సెట్టింగుల్లో కూడా కనిపిస్తుంది.
- ఏసీ: లోపలి యూనిట్‌కు, బయటి యూనిట్‌కు వేర్వేరు నంబర్లు. రెండూ తీయాలి.
- ఇన్వర్టర్: పక్కన లేదా వెనుక. బ్యాటరీకి విడి నంబరు, సాధారణంగా పైభాగంలో.

స్టిక్కరు మీద అక్షరాలు చెరిగిపోతే వారంటీ కార్డు మీద గానీ, సర్వీసు చేసినప్పుడు ఇచ్చిన జాబ్ కార్డు మీద గానీ అదే నంబరు ఉంటుంది. ఫొటో తీయగానే పెద్దది చేసి చదవండి. అంకెలు మసకగా ఉంటే ఆ ఫొటో ఉన్నా లేనట్టే.

## 4. బిల్లులు: ఉన్నవి, చెరిగిపోయినవి, లేనివి

కౌంటరు యంత్రం నుంచి వచ్చే నున్నటి బిల్లు కాగితం మీద అచ్చు వేడికి, వెలుతురుకు చెరిగిపోతుంది. భద్రం కదా అని దానికి లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడిపోతుంది. కొన్న రోజే ఫొటో తీయడమే మందు. నాలుగు అంచులూ, షాపు జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, మోడల్ కనిపించాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మీ ఖాతాలోని పాత ఆర్డర్ల పేజీ నుంచి ఇన్‌వాయిసు దించుకోండి. ఆర్డర్ వివరాల స్క్రీన్‌షాట్ దానికి సాటి రాదు.

బిల్లు పోతే షాపుకు వెళ్లి మీ ఫోను నంబరు, కొన్న నెల చెప్పి నకలు అడగండి. జీఎస్టీ చట్టం ప్రకారం నమోదైన వ్యాపారి తన లెక్కలను, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు ఉంచాలి. అంటే నాలుగైదేళ్ల కిందటి బిల్లు దొరికే అవకాశం బాగానే ఉంది. బీసెంట్ రోడ్డులోనో గుంటూరు అరండల్‌పేటలోనో కొన్న షాపు మూతపడి ఉంటే ఈ కింది వాటిలో రెండు చేర్చండి:

- ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటు లేదా యూపీఐ చెల్లింపు వివరం.
- వాయిదాల మీద కొన్నదైతే రుణం కాగితం. ఇందులో తరచుగా మోడల్, సీరియల్ నంబరు కూడా ఉంటాయి.
- వారంటీ కార్డు, సర్వీసు జాబ్ కార్డు.
- వస్తువు కనిపించే పాత కుటుంబ ఫొటో. గృహప్రవేశం, పుట్టినరోజు ఫొటోలు ఇందుకు ఎంతో పనికివస్తాయి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు సారె సామానుది. మంచం, బీరువా, ఫ్రిజ్ అమ్మాయి పుట్టింటివారు కొని పంపుతారు, బిల్లు అమ్మాయి తండ్రి పేరు మీద ఉంటుంది. పాలసీ అల్లుడి పేరు మీదో అమ్మాయి పేరు మీదో ఉంటుంది. ఇలాంటి వస్తువులకు 'ఫలానా తేదీన మా అమ్మాయికి ఇచ్చినది' అని కొన్నవారితో ఒక చిన్న ఉత్తరం ఇప్పుడే రాయించి, సంతకం, తేదీతో బిల్లు పక్కన పెట్టండి. క్లెయిము సమయంలో రాయించిన ఉత్తరం కన్నా ముందే ఉన్న ఉత్తరానికి బలం ఎక్కువ.

వడ్రంగి చేత చేయించిన మంచాలు, అలమరలకు సీరియల్ నంబరూ ఉండదు, పక్కా బిల్లూ ఉండదు. కలప కొన్న రశీదు, మజూరీ చెల్లించిన వివరం, టేపుతో పొడవు వెడల్పులు కనిపించే ఫొటో ఈ మూడూ చాలు. టేకు అని రాస్తే టేకే కావాలి, తడిసిన చెక్కను చూసి సర్వేయరు ఆ తేడా పట్టేయగలరు.

## 5. నగలు, వెండి, పట్టుచీరలు

నగలు సాధారణ సామాను కింద రావు. భారత్ గృహ రక్షలో నగలు, వెండి వస్తువులు, కళాఖండాల వంటి వాటికి ముందుగా అంగీకరించిన విలువ మీద విడి కవర్ తీసుకోవాలి. మొత్తం 5 లక్షలు దాటకుండా, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా ఉంటే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అక్కరలేదు. దాటితే కావాలి. బంగారు బిస్కెట్లు, పొదగని రాళ్లు, నగదు, దస్తావేజులు మామూలుగా కవర్‌లో ఉండవు కాబట్టి వాటిని ఈ జాబితాలో కలపవద్దు.

ప్రతి నగనూ తెల్ల గుడ్డ మీద పరిచి ముందు, వెనుక, హాల్‌మార్క్ ముద్ర దగ్గరగా మూడు ఫొటోలు తీయండి. కొత్త నగల మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉంటుంది, నగకు అదే సీరియల్ నంబరు. తరువాత కాటా మీద పెట్టి బరువు కనిపించేలా ఇంకొకటి. బిల్లులో మొత్తం బరువు, రాళ్లు తీసేసిన బరువు, తరుగు, మజూరీ విడివిడిగా ఉండాలి. పాత బంగారం మార్చి చేయించుకున్నప్పుడు చాలాసార్లు చేతికి వచ్చేది ఎస్టిమేషన్ చీటీ మాత్రమే. అది బిల్లు కాదు, పక్కా బిల్లు అడిగి తీసుకోండి.

పట్టుచీరలు దుస్తుల కింద సాధారణ సామానులోకి వస్తాయి. అన్ని చీరలనూ రాయనక్కరలేదు. ఖరీదైనవాటిని పల్లూ, అంచు కనిపించేలా ఒక్కొక్కటిగా, రోజువారీవి అర మొత్తంగా ఒక ఫొటోలో తీసి సంఖ్య రాస్తే సరిపోతుంది. ఇత్తడి, రాగి సామాను ఒకచోట చేర్చి, మొత్తం బరువు రాసుకోండి.

## 6. పట్టికలో రాయడం

ప్రతి వస్తువుకూ ఒక వరస. నిలువు గడులు ఇవి: అంకె, గది, వస్తువు, కంపెనీ–మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, షాపు, కొన్న ధర, అదే రకం వస్తువు నేటి ధర, ఆ ధర చూసిన తేదీ, ఫొటో ఫైలు, బిల్లు ఫైలు, గమనిక.

ఫైళ్ల పేర్లలో అదే అంకె వాడండి. వంటగది రెండో వస్తువు ఫ్రిజ్ అయితే ఇలా:

```
KIT-02-fridge-photo.jpg
KIT-02-fridge-serial.jpg
KIT-02-fridge-bill.pdf
```

కొన్న ధర, నేటి ధర రెండూ ఎందుకంటే, మళ్లీ కొనే ఖర్చు ఇచ్చే పాలసీకి రెండోది కావాలి, తరుగుదల తీసే పాలసీకి కొన్న తేదీ కావాలి. ధర పెంచి రాయాలన్న ఆలోచన పెట్టుకోకండి. ఒక్క వరసలో పెంచినది బయటపడితే మిగిలిన వరసలన్నింటినీ అనుమానంతో చూస్తారు.

## 7. జాబితాను ఇంటి బయట ఉంచడం

జాబితా ఉన్న ఫోను, బిల్లులున్న కవరు ఇంట్లోనే ఉండి వరదలో మునిగితే చేసిన శ్రమంతా వృథా. మూడు చోట్ల ఉంచండి: ఆన్‌లైన్ నిల్వలో, మీ ఈమెయిలుకు మీరే పంపుకున్న ఉత్తరంలో, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర పెన్‌డ్రైవ్‌లో. ఈమెయిలు మీద పడే తేదీని మీరు మార్చలేరు కాబట్టి, జాబితా నష్టానికి ముందే ఉందనడానికి అదే సాక్ష్యం.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫొటోను చెరపకండి.

కొత్త వస్తువు వచ్చిన రోజే వరస చేర్చాలి, అమ్మేసినది కొట్టేసి తేదీ రాయాలి. ఇక్కడ వానాకాలం ముందు, అంటే మే నెలలో, ఒకసారి వీడియో కొత్తగా తీసి ధరలు సరిచూసుకోవడం మంచిది.

## 8. నష్టం జరిగాక జాబితాను వాడే తీరు

కంపెనీకి వెంటనే తెలియజేసి క్లెయిము నంబరు తీసుకోండి. భారత్ గృహ రక్షలో క్లెయిము ఫారం ఇవ్వడానికి నష్టం గమనించిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంది. దొంగతనం ఉంటే పోలీసు ఫిర్యాదు కూడా కావాలి.

- కడగడానికి ముందే నీటి చార, బురద, వస్తువులు ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీయండి.
- తడిసిన యంత్రాలను స్విచ్ వేసి చూడకండి. నీటి వల్ల పాడయిందా, స్విచ్ వేయడం వల్ల కాలిందా అన్న వాదన అక్కడే పుడుతుంది.
- సర్వేయరు చూడకముందు ఏదీ పారేయకండి. పరుపులు కుళ్లి తీసేయక తప్పకపోతే కంపెనీకి ఈమెయిలు రాసి, వీడియో తీసి, అప్పుడు తీయండి.
- నష్టం పట్టికలో పాత జాబితా అంకెలనే వాడండి. కొత్త అంకెలు వేయవద్దు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఇంట్లో నాలుగు అడుగుల నీరు నిలిచింది. ఫ్రిజ్ మూడేళ్ల కిందట 27,400 రూపాయలకు కొన్నది, అదే సైజు నేటి ధర 31,000. సర్వీసు ఇంజనీరు మరమ్మతుకు పనికిరాదని రాసి ఇచ్చారు, పాత ఇనుము విలువ 2,000 అని తేలింది. మళ్లీ కొనే ఖర్చు ఇచ్చే పాలసీలో 29,000 వస్తుంది. ఏటా 10 శాతం తరుగుదల తీసే పాలసీ అయితే 31,000లో 9,300 పోయి, అందులో 2,000 తీసేస్తే 19,700 మిగులుతుంది. మీ పాలసీలో ప్రతి క్లెయిములో మీరే భరించవలసిన మినహాయింపు మొత్తం ఉంటే ఇంకా తగ్గుతుంది.

అదే ఇంట్లో టీవీ గోడ మీద ఐదు అడుగుల ఎత్తున ఉంది. టేపుతో తీసిన పాత ఫొటోలో ఆ ఎత్తు కనిపిస్తోంది, కనుక దాన్ని క్లెయిములో వేయకపోవడమే సరైనది. వాషింగ్ మెషీన్ సీరియల్ ఫొటో మసకగా ఉండడం వల్ల సర్వేయరు ఆగారు. జాబ్ కార్డు మీద నంబరు, తడిసిన యంత్రం వెనుక నంబరు ఒకటేనని చూపించాక ఆ వరసా తెమిలింది.

## 9. ఏదైనా వరస కొట్టేస్తే

మొత్తం ఎంత ఇచ్చారని కాక, వస్తువు వారీగా ఎంత లెక్కించారో చూడాలి కాబట్టి సర్వే రిపోర్టు ప్రతి అడిగి తీసుకోండి. ఏ వరస తగ్గిందో అక్కడ కారణం వెతకండి. సాధారణంగా బిల్లు లేదనో, రకం తేలలేదనో, నీటి మట్టానికి పైన ఉందనో ఉంటుంది. బిల్లు లేదన్నచోట 4వ భాగంలో చెప్పిన బదులు ఆధారాలు, రకం తేలలేదన్నచోట సీరియల్ ఫొటో, ఎత్తు విషయంలో టేపు ఫొటో జతచేసి, ఆ వరసలకే పరిమితమైన ఉత్తరం కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు పాత జాబితాను, దాన్ని మీకు మీరే పంపుకున్న ఈమెయిలు ముద్రిత ప్రతిని, సర్వే రిపోర్టులో కొట్టేసిన వరసలను గుర్తించిన ప్రతిని జతచేయండి.